జపనీస్‌లో తెరుచుకున్న ఫోన్

మా బావ విదేశం నుంచి వస్తూ నా కోసం ఒక ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చాడు. పెట్టె విప్పి స్విచ్ నొక్కితే తెర నిండా జపనీస్. నాకు అందులో ఒక్క అక్షరం రాదు. బావకి ఫోన్ చేస్తే, "కుడివైపు రంగు బటన్ ఉంటుంది చూడు, అది నొక్కుకుంటూ పో" అన్నాడు. సరే అని పోయాను. ప్రతి తెరలోనూ కింద కుడి పక్క 次へ అని ఉంది. నాలుగైదు సార్లు చూశాక అది "తర్వాత" అని నాకే అర్థమైంది. ఎడమ పక్క スキップ అని ఇంకోటి వస్తోంది. అది "స్కిప్" అని కూడా పోల్చుకున్నాను. అక్కడే కొంచెం ధీమా వచ్చింది, కొంప ముంచింది కూడా ఆ ధీమానే.

మధ్యలో ఒక తెరలో రెండు ఫోన్ల బొమ్మ వచ్చింది. ఇదేదో ప్రచారం అనుకుని ఎడమ బటన్ నొక్కేశాను. దాని మీద コピーしない అని ఉంది. "కాపీ చేయవద్దు" అని దాని అర్థమట, తర్వాత తెలిసింది. పాత ఫోన్ నుంచి సరుకంతా తెచ్చుకునే తలుపు అదే. ఇంకో పది నిమిషాలకి హోమ్ స్క్రీన్ వచ్చింది, శుభ్రంగా ఖాళీగా. సెటప్ అయిపోయాక ఆ తలుపు మళ్లీ తెరిచే దారి కొన్ని ఫోన్లలో ఉంటుంది. నా ఫోన్ సెట్టింగ్స్ మొత్తం తిరగేసినా కనపడలేదు. కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదటికి వచ్చాను. అప్పటికి ఫోన్‌లో పోయేదేమీ లేదు గనక బాధ అనిపించలేదు. రీసెట్ అవగానే మళ్లీ జపనీస్!

ఈసారి తొందరపడకుండా మొదటి తెరనే చూస్తూ కూర్చున్నాను. అక్కడ చిన్నగా 日本語 అని రాసి ఉంది. ఇందాక అలంకారం అనుకుని వదిలేసింది అదే. దాని మీద వేలు పెడితే భాషల జాబితా విచ్చుకుంది. ఆ జాబితాలో ప్రతి భాష పేరూ ఆ భాష లిపిలోనే ఉంటుంది. ఫోన్ ఏ భాషలో ఉన్నా మన భాషని మనం గుర్తుపట్టడానికే ఆ ఏర్పాటు. బాగా కిందికి జరుపుకుంటూ వెళ్తే తమిళానికీ కన్నడానికీ మధ్య "తెలుగు" కనపడింది. అంత తెలియని లిపుల మధ్య ఆ మూడు అక్షరాలు చూస్తే, రద్దీలో మనవాళ్లెవరో చెయ్యి ఊపినట్టనిపించింది. అయితే ఒక మాట. ఇన్నాళ్లూ ఫోన్‌ని ఇంగ్లీషులో వాడినవాణ్ణి కదా, "దాటవేయి" అని చూసి స్కిప్ అని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. నా భాషే నాకు కొంచెం కొత్తగా ఉంది!

రెండు ఫోన్ల బొమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి "తర్వాత" నొక్కి కేబుల్ పెట్టాను. పాత ఫోన్ చార్జ్ అవుతోంది గానీ, కొత్తది మాత్రం "కేబుల్ పెట్టండి" దగ్గరే ఆగిపోయింది. తప్పు ఫోన్లది కాదు, కేబుల్‌ది. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో వచ్చిన అసలు కేబుల్ వెతికి పెట్టగానే పాత ఫోన్‌లో "కాపీ చేయాలా?" అన్న పెట్టె వచ్చింది. పాత ఫోన్ లాక్ పిన్ కొడితే, ఏమేం తెచ్చుకోవాలో అడిగే జాబితా తెరుచుకుంది.

నేను ఎక్కువసేపు ఆగింది ఈ జాబితా దగ్గరే. యాప్‌లు, కాంటాక్ట్‌లు, మెసేజ్‌లు, కాల్ హిస్టరీ, ఫొటోలు, వీడియోలు, అన్నిటికీ ముందే టిక్ పెట్టి ఉంది. ఒక్కొక్కదాన్ని చూసి నన్ను నేను ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఇది ఈ పాత ఫోన్‌లో తప్ప ఇంకెక్కడైనా ఉందా?

ఫొటోలూ వీడియోలూ కలిపి 46 జీబీ. అవి ఎప్పటికప్పుడు గూగుల్ ఫొటోస్‌కి చేరుతూనే ఉన్నాయి. బ్యాకప్ పూర్తయిందని ముందు రోజే చూసుకున్నాను కాబట్టి టిక్ తీసేశాను. యాప్‌లు 94 ఉన్నాయి. యాప్ అంటే మళ్లీ ప్లే స్టోర్ నుంచి దిగేదే, దాన్ని మోసుకురావడంలో అర్థం లేదు. పేర్లు చదువుకుంటూ పోతే సగానికి సగం ఎందుకు వేసుకున్నానో నాకే గుర్తు లేదు. 31 ఉంచాను. కాల్ హిస్టరీ వదిలేశాను.

కాంటాక్ట్‌లు తీయలేదు. గూగుల్ అకౌంట్‌తో వచ్చేస్తాయి కదా అని తీసేయబోయి, ఎందుకైనా మంచిదని పాత ఫోన్‌లో చూశాను. ఎప్పుడో సేవ్ చేసుకున్న నంబర్లు కొన్ని అకౌంట్‌లో కాకుండా "ఫోన్" అన్న చోట ఉన్నాయి. అవి సింక్ కావు, పాత ఫోన్ పోతే వాటితోనే పోతాయి. మెసేజ్‌లు కూడా ఉంచాను. వాటిలో తొంభై వంతులు ఓటీపీలేనని తెలుసు, కానీ మిగతా పది వంతులకి ఇంకెక్కడా నకలు లేదు.

ఇంత తగ్గించాక మిగిలింది కొద్దిగానే, పావుగంటలో అయిపోయింది. యాప్‌లు మాత్రం ఆ తర్వాత వైఫైలో ఒక్కొక్కటిగా దిగుతూ వచ్చాయి.

వాట్సాప్‌ని కేబుల్‌కి వదిలేయలేదు, దానికి విడిగా సొంత దారి ఉంది. బదిలీకి ముందే పాత ఫోన్ వాట్సాప్‌లో స్టోరేజ్ మేనేజ్ చేసే చోటికి వెళ్లాను. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ దాటినవి అని అదే విడదీసి చూపిస్తుంది. శుభోదయాలు, దేవుళ్లు, వంట వీడియోలు కలిసి 7 జీబీ పోయాయి. తర్వాత చాట్స్‌లో "ట్రాన్స్‌ఫర్ చాట్స్" తెరిచి, కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో వాట్సాప్ మొదలుపెట్టాను. కొత్త ఫోన్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ని పాత ఫోన్‌తో స్కాన్ చేయాలి. రెండిట్లోనూ వైఫై, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. కొత్త ఫోన్‌లో ఈ బదిలీ అడిగే తెర ఒకటి వస్తుంది. ఇందాకటి అనుభవం ఉంది కనక దాన్ని మాత్రం దాటేయలేదు.

బ్యాంకు యాప్ వచ్చింది గానీ లోపల ఏమీ లేదు. సిమ్ కొత్త ఫోన్‌లోకి మార్చి మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ కూడా ఖాళీగానే తెరుచుకుంది. టెన్షన్ వచ్చింది, కానీ పాత ఫోన్ ఇంకా చెరపలేదు కదా. అందులో అకౌంట్లను ఎక్స్‌పోర్ట్ చేస్తే క్యూఆర్ కోడ్ వచ్చింది, దాన్ని కొత్తదాంతో చదివిస్తే కోడ్‌లన్నీ వచ్చేశాయి. పాతది ఆ రాత్రే రీసెట్ చేసి ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నవాణ్ణి నేను.

వారం తర్వాత ఇంకొకటి బయటపడింది. మా అమ్మ గొంతు రికార్డు చేసుకున్న ఆడియోలు "రికార్డింగ్స్" ఫోల్డర్‌లో ఉన్నాయి. నాకు వచ్చిన కాపీ జాబితాలో వాటి ఊసే లేదు. క్విక్ షేర్‌తో 23 ఫైళ్లూ పంపుకుని, ఒక్కొక్కటీ మొదటి నాలుగు సెకన్లు విని చూసుకున్నాను. పాత ఫోన్ ఇంకా సొరుగులోనే ఉంది, చార్జ్‌తో సహా.