ఎండీ జీతం, బోర్డు మూల్యాంకనం: ఎన్‌ఆర్‌సీ పని ఒక ఏడాది ఎలా సాగింది – నా అనుభవం

హైదరాబాద్ శివార్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీలో కంపెనీ సెక్రటరీగా, డైరెక్టర్ల నియామకం, జీతాలు, పనితీరు అంచనా చూసే నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ, అంటే ఎన్‌ఆర్‌సీ పని చూశాను. ఆ ఏడాది రెండు పనులు కలిసి వచ్చాయి. ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేనేజింగ్ డైరెక్టర్ పదవీకాలం ముగుస్తోంది కాబట్టి మళ్ళీ నియమించి జీతం ఖాయం చేయాలి. బోర్డు పనితీరు మూల్యాంకనం కూడా పూర్తి కావాలి. ఈ రెండింటికీ సంబంధం లేదనుకునేవాళ్ళు చాలామంది. కానీ మూల్యాంకనం ముందు జరగకపోతే జీతం గురించి మాట్లాడటానికి కమిటీ దగ్గర ఆధారమే ఉండదు. ఇక్కడ ఇచ్చిన అంకెలు లెక్క సులువుగా తెలియడానికి గుండ్రం చేసినవి.

కమిటీలో ముగ్గురు, అందరూ కంపెనీ రోజువారీ నిర్వహణలో లేని నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లే. కంపెనీల చట్టం 178వ సెక్షన్ ప్రకారం సగం మంది ప్రమోటర్లతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్లుంటే చాలు. లిస్టెడ్ కంపెనీకి మాత్రం సెబీ నిబంధన 2022 జనవరి 1 నుంచి మూడింట రెండు వంతులు అడుగుతోంది. కమిటీ ఛైర్మన్ స్వతంత్ర డైరెక్టరే కావాలి. కంపెనీ ఛైర్మన్ సభ్యుడిగా ఉండొచ్చు గానీ ఈ కమిటీకి అధ్యక్షత వహించకూడదు.

అకౌంట్స్ విభాగం నుంచి వచ్చిన ప్రతిపాదన ఇది: ఇల్లు, కారుతో సహా స్థిర జీతం ఏడాదికి 90 లక్షలు, దానిపైన నికర లాభంలో 2% కమీషన్. పన్నుకు ముందు లాభం 31 కోట్లు. అందులో 2% అంటే 62 లక్షలు, మొత్తం 1.52 కోట్లు. ఒక్క ఎండీ ఉన్నచోట చట్టం ఇచ్చే పరిమితి 5%. 31 కోట్ల మీద అది 1.55 కోట్లు కాబట్టి సరిపోయిందని రాశారు.

పొరపాటు మొదటి అంకెలోనే ఉంది. 5% లెక్కించాల్సింది లాభనష్టాల ఖాతాలో కనిపించే లాభం మీద కాదు, 198వ సెక్షన్ ప్రకారం విడిగా కట్టే లాభం మీద. ఆ ఏడాది కంపెనీ పాత స్థలం ఒకటి అమ్మితే 8 కోట్లు మిగిలాయి. స్థిరాస్తి అమ్మకం మీద వచ్చిన మూలధన లాభం ఈ లెక్కలోకి రాదు. యంత్రం లాంటిది అమ్మితే తరుగుదల పోగా మిగిలిన విలువకూ అసలు కొన్న ధరకూ మధ్య తేడా వరకు కలుపుకోవచ్చు, కానీ స్థలానికి తరుగుదల ఉండదు కాబట్టి 8 కోట్లూ తీసేయాల్సిందే. మ్యూచువల్ ఫండ్ల విలువ పెరిగినట్టు పుస్తకాల్లో చూపించిన కోటి రూపాయలు కూడా పోతాయి, ఎందుకంటే అది ఇంకా చేతికి రాని లాభం. ఖర్చుగా రాసిన డైరెక్టర్ల పారితోషికం 2 కోట్లను తిరిగి కలపాలి. 31 నుంచి 8, 1 తీసేసి 2 కలిపితే 24 కోట్లు వచ్చింది. అందులో 5% అంటే 1.20 కోట్లు.

అదే 24 కోట్ల మీద 2% కమీషన్ 48 లక్షలు. స్థిర జీతంతో కలిపితే 1.38 కోట్లు. పరిమితి 18 లక్షలు దాటింది. ఇది గమనించకుండా చెల్లించి ఉంటే, ఆ 18 లక్షలను ఎండీ కంపెనీ తరఫున ట్రస్టుగా ఉంచుకున్నట్టే లెక్క. రెండేళ్ళలోపు తిరిగి కట్టాలి. వదిలేయాలన్నా వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి.

ఇక్కడే ఇంకో పొరపాటు కూడా బయటపడింది. పీఎఫ్‌కు కంపెనీ కట్టే వాటాను 90 లక్షల్లో చూపించలేదు. పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, అది లాభం లేనప్పుడో చాలనప్పుడో వర్తించే ఐదో షెడ్యూల్‌లోని మినహాయింపు. మామూలు 5% లెక్కలో దాన్ని వాడుకోకూడదు. అందుకే పీఎఫ్‌ను కూడా 90 లక్షల్లోనే ఇమిడ్చి జీతం భాగాలు మళ్ళీ రాయించాం.

కమిటీ ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి, ప్రత్యేక తీర్మానంతో 5% దాటడం. చట్టం ఒప్పుకుంటుంది. ప్రమోటర్ జీతానికి సెబీ పెట్టిన గీత 5 కోట్లు లేదా నికర లాభంలో 2.5%, ఏది ఎక్కువైతే అది. కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ ఓట్ల లెక్క వేసి చూశాం. ప్రమోటర్ల వాటా 52%. మిగతా 48 శాతంలో సగం, అంటే 24%, ఓటేసి, అందులో 20 వ్యతిరేకంగా 4 అనుకూలంగా పడ్డాయనుకుందాం. అనుకూలం 56, వ్యతిరేకం 20. ప్రత్యేక తీర్మానానికి అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లయినా ఉండాలి. 60 కావాల్సినచోట 56 అంటే వీగిపోయినట్టే. సగానికి పైగా వాటా చేతిలో ఉంది కదా అన్న ధీమా సాధారణ తీర్మానం వరకే పనికొస్తుంది.

2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో జరిగింది ఇదే. ఎండీ పునర్నియామకం, జీతం కలిపి ఒకే ప్రత్యేక తీర్మానంగా పెడితే కావాల్సినన్ని ఓట్లు రాలేదు. ఆ తర్వాత బోర్డు పారితోషికానికి గరిష్ఠ పరిమితిని లాభంలో 1.5 శాతానికి తగ్గించి, నియామకాన్నీ జీతాన్నీ వేర్వేరు తీర్మానాలుగా మళ్ళీ వాటాదారుల ముందు పెట్టింది. మనిషి మీద నమ్మకం ఉండి జీతం మీదే అభ్యంతరం ఉన్న వాటాదారు, రెండూ కలిపి అడిగితే రెండింటికీ వద్దనే అంటాడు. అందుకే మా నోటీసులో మొదటినుంచీ వీటిని విడదీశాం.

కమిటీ రెండో దారి పట్టింది. కమీషన్ గరిష్ఠంగా 1.25%, అంటే 24 కోట్ల మీద 30 లక్షలు. దాంతో మొత్తం సరిగ్గా 1.20 కోట్లు. అసలు చర్చ ఆ 30 లక్షలు దేనికి ఇవ్వాలన్నదాని మీద జరిగింది. లాభంలో ఇంత శాతం అని మాత్రమే రాస్తే, మార్చి నెలలో డీలర్ల దగ్గరికి సరుకు తోసి అమ్మకాలు పెంచినా కమీషన్ వచ్చేస్తుంది. కంపెనీకి డబ్బు మాత్రం రాదు. కాబట్టి 15 లక్షలు లాభానికి కట్టారు. 9 లక్షలు వ్యాపారం నుంచి నిజంగా వచ్చిన నగదుకు కట్టారు: ఆ నగదు నిర్వహణ లాభంలో 80 శాతానికి తగ్గితే ఈ భాగం సున్నా. మిగిలిన 6 లక్షలు ప్లాంటు భద్రతకు, తనిఖీల్లో వచ్చిన అభ్యంతరాల పరిష్కారానికి కట్టారు. ప్రాణం పోయిన ప్రమాదం ఒక్కటి జరిగినా అందులో పైసా రాదు. రసాయనాల ఫ్యాక్టరీకి ఈ షరతు తప్పనిసరిగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఖాతాలు తర్వాత సవరించాల్సి వస్తే చెల్లించిన కమీషన్‌ను వెనక్కి తీసుకునే నిబంధన కూడా ఒప్పందంలో చేర్చాం.

లాభం పడిపోయిన ఏడాది ఏమివ్వాలన్నది చాలామంది పాత తీర్మానం నుంచి కాపీ కొట్టి వదిలేస్తారు. అప్పుడు ఐదో షెడ్యూల్ వర్తిస్తుంది. పరిమితి కంపెనీ ఎఫెక్టివ్ క్యాపిటల్‌ను బట్టి ఉంటుంది. మాకు చెల్లించిన వాటా మూలధనం 12 కోట్లు, షేర్ ప్రీమియం 40, రిజర్వులు 70, ఏడాది దాటి తీర్చాల్సిన అప్పులు 30. అందులోంచి పెట్టుబడులు 22 తీసేస్తే 130 కోట్లు. 100 నుంచి 250 కోట్ల లోపు ఉంటే ఏడాదికి 1.20 కోట్ల దాకా ఇవ్వొచ్చు కాబట్టి 90 లక్షల స్థిర జీతానికి ఢోకా లేదు. బ్యాంకు క్యాష్ క్రెడిట్‌ను ఇందులో కలపకూడదు, అది వర్కింగ్ క్యాపిటల్ అప్పు. నియామకం ఐదేళ్ళకు జరిగినా ఈ ఆమోదం మూడేళ్ళకే చెల్లుతుంది. నాలుగో ఏడు నష్టం వస్తే మళ్ళీ వాటాదారుల దగ్గరికి వెళ్ళాల్సిందే. బ్యాంకు బాకీ ఎగవేసిన కంపెనీ అయితే సర్వసభ్య సమావేశానికి ముందే ఆ బ్యాంకు అనుమతి తీసుకోవాలి.

ఇక మూల్యాంకనం. ఎవరు ఎవరిని అంచనా వేయాలో చట్టమే విడదీసింది. స్వతంత్ర డైరెక్టర్లు ఏడాదికి ఒకసారైనా యాజమాన్యం లేకుండా విడిగా కూర్చుని, మొత్తం బోర్డునూ ఛైర్మన్‌నూ ఎండీ లాంటి ఇతర డైరెక్టర్లనూ సమీక్షిస్తారు. స్వతంత్ర డైరెక్టర్లలో ఒక్కొక్కరినీ మిగతా బోర్డంతా అంచనా వేస్తుంది. ఎవరి గురించి చర్చ జరుగుతోందో వాళ్ళు అందులో పాల్గొనరు. పద్ధతి ఏమిటో నిర్ణయించేది, అది అమలైందో లేదో చూసేది ఎన్‌ఆర్‌సీ. సెబీ 2017 జనవరిలో ఇచ్చిన మార్గదర్శక పత్రంలో అడగదగిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి.

మొదట పంపిన ప్రశ్నపత్రంలో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. తిరిగొచ్చినవన్నీ నాలుగున్నర పైనే. 'డైరెక్టర్లకు సమాచారం సకాలంలో అందుతోందా' అన్నదానికి సగటు 4.7. నేను ఏడాది అజెండా రిజిస్టర్ తీసి కూర్చున్నాను. బోర్డు సమావేశాల నిర్వహణకు ఉన్న సెక్రటేరియల్ స్టాండర్డ్ ప్రకారం అజెండా, నోట్స్ సమావేశానికి ఏడు రోజుల ముందు అందాలి. నాలుగు సమావేశాల్లో 41 అంశాలుంటే 17 అంశాల నోట్స్ ఆ గడువు దాటాక వెళ్ళాయి. కొన్ని ముందురోజు రాత్రి వెళ్ళాయి. వాటిలో స్థలం అమ్మకం కాగితం ఒకటి. మార్కులకూ రికార్డుకూ ఇంత తేడా వచ్చిందంటే ప్రశ్నపత్రం పనిచేయలేదని అర్థం.

ఆరుగురు డైరెక్టర్లున్నచోట పేరు రాయొద్దన్నా రాసిన తీరును బట్టి ఎవరో తెలిసిపోతుంది. అందుకని కమిటీ ఛైర్మన్ ఒక్కొక్కరితో అరగంట విడిగా మాట్లాడారు. మార్కులు అడగకుండా మూడే ప్రశ్నలు వేశారు: ఈ ఏడాది బోర్డు ఆలస్యంగా తీసుకున్న నిర్ణయం ఏది? సరైన సమాచారం లేకుండా ఒప్పుకున్నది ఏది? వచ్చే ఏడాది ఏ అంశానికి ఎక్కువ సమయం కావాలి? ముగ్గురు వేర్వేరుగా స్థలం అమ్మకం పేరే చెప్పారు. విలువ కట్టిన నివేదికను సమావేశం బల్ల మీదే మొదటిసారి చూశామన్నారు.

క్రమం కూడా ముఖ్యమే. మార్చిలో స్వతంత్ర డైరెక్టర్ల సమావేశం, ఏప్రిల్‌లో ఎన్‌ఆర్‌సీ, మే నెలలో వార్షిక లెక్కలు ఆమోదించే బోర్డు సమావేశం. మూల్యాంకనం ఎలా జరిగిందో డైరెక్టర్ల నివేదికలో రాయాలి, మార్కులు బయటపెట్టాల్సిన పనిలేదు. స్వతంత్ర డైరెక్టర్‌ను రెండోసారి కొనసాగించాలంటే ఈ మూల్యాంకన నివేదికే ఆధారం. కాబట్టి ఖాళీ ప్రశంసలతో నింపిన ఫైలు ఆరోజు ఎందుకూ పనికిరాదు.

ఏప్రిల్ సమావేశంలో ఆ 17 అంశాల పట్టిక, జీతం ప్రతిపాదన పక్కపక్కనే పెట్టాం. భద్రత, తనిఖీల భాగానికి కేటాయించిన 6 లక్షల్లో 2 లక్షలు తీసి, బోర్డు కాగితాలు గడువులోగా పంపడానికి కమిటీ ముడిపెట్టింది. పదింట తొమ్మిది అంశాలు ఏడు రోజుల ముందు అందాలి, లేకపోతే ఆ 2 లక్షలు రావు. మే నెలలో బోర్డు ముందుకు ఈ అంశం వచ్చినప్పుడు ఎండీ, ఆయన బంధువైన డైరెక్టర్ గది బయటే ఉన్నారు. వాళ్ళు లేచి వెళ్ళిన సమయం, తిరిగి వచ్చిన సమయం మినిట్స్‌లో రాశాను. నియామక తేదీ నుంచి 60 రోజుల్లోగా, ఆ నియామకాన్ని కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే ఎంఆర్-1 ఫారం దాఖలైంది.