ఫెరిటిన్ 1,460, హిమోగ్లోబిన్ 14.6

2023 ఆగస్టులో ఊపిరితిత్తులకు నిమ్ము చేరి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పటికి నాకు 46 ఏళ్ళు. తెనాలిలో హైస్కూలు లెక్కల మాస్టారుని. జ్వరం తగ్గి ఇంటికి వచ్చేటప్పుడు చేతికిచ్చిన రిపోర్టుల కట్టలో ఒక అంకె పక్కన నల్లటి పెద్ద అక్షరం కనపడింది. ఫెరిటిన్ 1,460. మగవాళ్ళకి సుమారు 300 దాకా ఉండొచ్చని పక్కనే రాసుంది. హిమోగ్లోబిన్ మాత్రం 14.6, ఏ లోటూ లేదు. ఛాతీ ఎక్స్‌రే గురించి అంతసేపు చెప్పిన డ్యూటీ డాక్టరు ఈ అంకె గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుము నిల్వ అని అప్పటికి విన్నాను. నిల్వ ఐదింతలుంటే రక్తం కూడా ఎక్కువ ఉండాలి కదా, అది మామూలుగా ఎందుకుందో అర్థం కాలేదు. మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఇనుము ఎక్కువైతే కాలేయం, గుండె పాడవుతాయట. వెంటనే రక్తం తీయించుకో, లేదంటే ఇనుము లాగేసే బిళ్ళలుంటాయి" అన్నాడు. మా ఆవిడ ఆ రోజు నుంచే తోటకూర, గోంగూర కొనడం మానేసింది. దోసెల ఇనప పెనం కూడా అటక మీదికి పోయింది. ఇద్దరిదీ ప్రేమే గానీ, నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు.

గుంటూరులో ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫెరిటిన్ కాగితం పక్కన పెట్టి, అదే రోజు రక్తంతో చేసిన సీఆర్పీ ఎంతో వెతికారు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే పరీక్ష అది. 96 ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది 5 లోపు ఉంటుంది.

"మాస్టారూ, హిమోగ్లోబిన్ అంటే వాడకంలో ఉన్న ఇనుము, ఫెరిటిన్ అంటే గాదెలో దాచిన ఇనుము. కాబట్టి ఒకటి మామూలుగా ఉండి రెండోది పెరగడంలో వింతేం లేదు. పైగా ఈ ఫెరిటిన్‌కి ఇంకో గుణముంది. ఒంట్లోకి క్రిములు జొరబడితే, వాటికి ఇనుము అందకుండా శరీరం దాన్ని గాదెలో పెట్టి తలుపు వేసేస్తుంది. వాపుకి స్పందించి ఫెరిటిన్ కూడా ఎక్కువ తయారవుతుంది. అంటే నిల్వ పెరగకపోయినా అంకె పెరుగుతుంది. నిమ్ముతో ఉన్న మనిషిలో ఈ అంకె చూసి ఇనుము ఎంతుందో చెప్పలేం" అన్నారు.

ఏ మందూ రాయలేదు. సీఆర్పీ కొన్ని రోజుల్లోనే దిగుతుందనీ, ఫెరిటిన్ దిగడానికి వారాలు పడుతుందనీ చెప్పి, ఐదు వారాల తర్వాత మళ్ళీ చేయించమన్నారు. ఈసారి ఫెరిటిన్ ఒక్కటే కాకుండా సీఆర్పీ, సీరమ్ ఐరన్, టీఐబీసీ, కాలేయ పరీక్షలు, హెపటైటిస్ బి, సి కూడా రాశారు. ఫెరిటిన్ పది వేలు దాటి, జ్వరం వదలకుండా ఉంటే మాత్రం ఆగకూడదట. అది వేరే రకం జబ్బులకి సంకేతమట. నాకు ఆ పరిస్థితి లేదు.

ఐదు వారాలు గడిచాయి. సీఆర్పీ 3కి దిగింది, హెపటైటిస్ రెండూ లేవు. కానీ ఫెరిటిన్ 720 దగ్గర ఆగింది. కాలేయ పరీక్షల్లో ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52, రెండూ ఎక్కువే. అసలు కంగారు పెట్టింది ఇంకో వరస. సీరమ్ ఐరన్ 168, టీఐబీసీ 296. దాని కింద ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 57 శాతం అని ఉంది.

ఇదేమిటో ఆయన చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. రక్తంలో ఇనుమును మోసే బళ్ళ పేరు ట్రాన్స్‌ఫెరిన్. మొత్తం బళ్ళు ఎంత ఇనుము మోయగలవో టీఐబీసీ చెబుతుంది, ఇప్పుడు ఎంత మోస్తున్నాయో సీరమ్ ఐరన్ చెబుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగించి వందతో గుణిస్తే సాచురేషన్. నిజంగా ఇనుము పేరుకుపోయే జబ్బులో పేగులు హద్దు లేకుండా ఇనుము లాక్కుంటూనే ఉంటాయి, కాబట్టి బళ్ళు సాధారణంగా 45 శాతం దాటి నిండి తిరుగుతుంటాయి. వాపు వల్ల ఫెరిటిన్ పెరిగితే గాదె తలుపు మూసేసి ఉంటుంది, బళ్ళు ఖాళీగా తిరుగుతాయి. కొవ్వు పట్టిన కాలేయంలో అవి చాలావరకు మామూలుగానే ఉంటాయి.

నాది 57. అంటే వంశపారంపర్యంగా వచ్చే, ఇనుము పేరుకుపోయే జబ్బు హీమోక్రొమటోసిస్ గురించి ఆలోచించాల్సిందే. నాకైతే నా జబ్బు కంటే ముందు మా పిల్లలిద్దరూ, మా చెల్లెలూ గుర్తొచ్చారు. డాక్టరు గారు ఏమీ తేల్చకుండా అడిగారు. "రక్తం ఇచ్చింది పొద్దునేనా? పరగడుపునేనా? ఏమైనా బిళ్ళలు వాడుతున్నారా?"

పరగడుపు కాదు. పెసరట్టు తిని, టీ తాగి, బిళ్ళ వేసుకుని తొమ్మిదిన్నరకి ల్యాబ్‌కి వెళ్ళాను. నిమ్ము తర్వాత నీరసంగా ఉందంటే మందుల షాపులో ఇచ్చిన బలం బిళ్ళ అది. రోజూ వేసుకుంటున్నా గానీ, అదొక మందని నాకు తోచనే లేదు. స్ట్రిప్ జేబులోనే ఉంది. ఆయన వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు పైకి తోసి, రేకు మీది సన్నటి అక్షరాలు వేలితో చూపించారు. జింక్, బి12, ఫోలిక్ యాసిడ్, వాటి మధ్యలో ఫెర్రస్ ఫ్యూమరేట్. ఇనుము బిళ్ళ వేసుకున్నాక కొన్ని గంటలపాటు సీరమ్ ఐరన్ ఎగిసి ఉంటుందట. సరిగ్గా ఆ సమయంలోనే నా రక్తం తీశారు.

"ఇది మానేసి పది రోజులు ఆగండి. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా పొద్దున ఎనిమిదింటికి ఇవ్వండి. మళ్ళీ 45 దాటితే అప్పుడు జన్యు పరీక్ష చూద్దాం" అన్నారు. ఆ జబ్బుకి ప్రధాన కారణమైన సీ282వై అనే మార్పు ఉత్తర ఐరోపా మూలాలున్న వాళ్ళలోనే ఎక్కువనీ, మన దగ్గర చాలా అరుదనీ, ఇక్కడ కనిపించే హెచ్63డీ అనే మార్పు ఒక్కటే ఉంటే అది సాధారణంగా ఇనుము పేర్చదనీ చెప్పారు. మన ప్రాంతంలో ఒంట్లో ఇనుము పేరుకుపోవడం ఎక్కువగా చూసేది తలసీమియా పిల్లల్లో, పదే పదే రక్తం ఎక్కించడం వల్ల. మా బావమరిది చెప్పిన బిళ్ళలు ముఖ్యంగా అలాంటి పిల్లల కోసం. అవి మూత్రపిండాలనీ, కాలేయాన్నీ దెబ్బతీయగలవు కాబట్టి పేరుకున్నట్టు రుజువు కాకుండా ముట్టకూడదన్నారు.

పది రోజుల తర్వాత సీరమ్ ఐరన్ 92, టీఐబీసీ 310. ల్యాబ్ మెట్ల మీదే లెక్క వేసుకున్నాను. 30 శాతం కూడా లేదు. అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

ఇక మిగిలింది 700కి పైనున్న ఫెరిటిన్. నిమ్ము పోయింది, బళ్ళు మామూలుగా ఉన్నాయి, ఎస్‌జీపీటీ మాత్రం ఎక్కువ. అల్ట్రాసౌండ్ చేస్తే ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చింది. నా బరువు 84 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము 104. ట్రైగ్లిజరైడ్స్ 240, మూడు నెలల షుగరు సగటు 6.1. ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నవే. కాలేయ కణాల్లో కొవ్వు చేరి అవి నలిగినప్పుడు కూడా ఫెరిటిన్ పెరుగుతుంది. అలా పెరిగినవాళ్ళలో సాచురేషన్ ఎక్కువమందికి మామూలుగా ఉంటుంది. ఇన్నాళ్ళూ ఇనుము కోసం వెతికాను గానీ, అసలు దోషి నా పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు.

మద్యం గురించి కూడా అడిగారు. మా ఆవిడ పక్కనే ఉంది. అయినా దాచలేదు. శనివారాలు స్నేహితులతో రెండు మూడు పెగ్గులు అలవాటు. మద్యం కూడా ఫెరిటిన్‌ని పెంచుతుంది, కాలేయాన్నీ పాడు చేస్తుంది, అది ఉంటే దేనివల్ల ఎంత పెరిగిందో తేలదన్నారు. ఆ శనివారం నుంచి పూర్తిగా మానేశాను.

కాలేయం గట్టిపడిందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి ఒక సులువైన లెక్క ఉంది, పేరు ఫిబ్-4. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని, వాటిని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. నాకు 46ని 52తో గుణిస్తే 2,392. ప్లేట్‌లెట్లు 228 వేలు, 78కి వర్గమూలం 8.83, గుణిస్తే సుమారు 2,013. భాగిస్తే 1.19. ఇది 1.3 లోపుంటే కాలేయం బాగా మచ్చకట్టి గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. అయినా కాలేయం గట్టిదనాన్నీ, కొవ్వునీ కొలిచే ఫైబ్రోస్కాన్ కూడా చేయించారు. గట్టిదనం 7.2, కొవ్వు సూచిక 318. కొవ్వు బాగా ఉంది, గట్టిదనం హద్దుకి కొంచెం దగ్గరగా ఉంది, ఇంకా దాటలేదు. కాలేయంలో ఇనుమును నేరుగా కొలిచే ఎమ్మారై ఒకటుంది గానీ, సాచురేషన్ మామూలుగా ఉంది కాబట్టి ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఫెరిటిన్ తగ్గకపోతే చేయిద్దామన్నారు.

రక్తం తీయించుకోనా అని నేనే అడిగాను. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకి అలా రక్తం తీసి చూసిన పరిశోధనల్లో కాలేయానికి మేలేమీ కనపడలేదన్నారు. అర్హత ఉంటే దానంగా ఇవ్వొచ్చు గానీ, అది నా జబ్బుకి మందు కాదు. మందు ఒకటే, బరువులో పది శాతం దాకా తగ్గడం.

మూడు పూటలా అన్నం తినేవాణ్ణి. మధ్యాహ్నం ఒక్క పూట, కొలిచి ఒకటిన్నర కప్పులకి తెచ్చాను. రాత్రికి జొన్న రొట్టె, పప్పు, కూర. స్టాఫ్‌రూమ్ టీలు రోజుకి నాలుగు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల చక్కెర. ఇప్పుడు రెండే, చక్కెర లేకుండా. రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద 45 నిమిషాల నడక. మొదటి నెలన్నర కిలో కూడా దిగలేదు, అప్పుడు చాలా నిరుత్సాహం వచ్చింది. తోటకూర, గోంగూర మాత్రం మళ్ళీ ఇంటికొచ్చాయి. ఆకుకూరల్లోని ఇనుములో ఒంటికి పట్టేది కొంచెమే, నాకు వాటితో పేచీ లేదు. అటక మీది పెనం కూడా దిగింది.

మూడో నెలలో 81 కిలోలు, ఫెరిటిన్ 560. ఎనిమిదో నెలలో 76 కిలోలు. ఎస్‌జీపీటీ 34, ఫెరిటిన్ 310, సాచురేషన్ 28. ఫైబ్రోస్కాన్ గట్టిదనం 5.6, కొవ్వు 258. నిమ్ము వల్లనే అనుకున్న నీరసం కూడా ఈ మధ్యలో ఎప్పుడో పోయింది, ఏ రోజున పోయిందో గమనించలేదు.

ఆ రిపోర్టులు చూసి డాక్టరు గారు, "జన్యు పరీక్షా వద్దు, ఎమ్మారై వద్దు. ఏడాదికొకసారి కాలేయ పరీక్షలు, షుగరు చూపించండి. జ్వరంగానో దగ్గుగానో ఉన్నప్పుడు మాత్రం ఫెరిటిన్ చేయించకండి" అన్నారు. బయటికొచ్చి మా చెల్లెలికి ఫోన్ చేసి, పిల్లలకి ఏ పరీక్షలూ అక్కర్లేదని చెప్పాను. అది అవతల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యా, ఇవాళ నడక అయిందా?" అని అడిగింది.