రోలాన్ కారడం ఆగలేదు: మూడో విడత 24 సీసాల లెక్క

నేను ఇంట్లో కలిపి రోలాన్ సీసాల్లో నింపే అత్తరు మూడో విడత కూడా కారింది. ఈసారి 24లో 7. రెండో విడతలో మూతలు సరిగ్గా బిగించలేదేమో అనుకుని వదిలేశాను. ఈసారి ప్రతి మూతా నా చేత్తోనే బిగించాను. అయినా కడపలో ఏడు రోడ్ల దగ్గర టైలరింగ్ షాపు నడిపే అన్నకు శాంపిల్‌గా ఇచ్చిన మల్లె అత్తరు ఆయన చొక్కా జేబులోనే కారిపోయింది. “జేబంతా నూనె అయిపాయె. వాసన మాత్రం సాయంత్రం దాకా ఉన్నింది” అన్నాడు. వాసన బాగుందన్నాడన్న సంతోషం కన్నా, జేబు మీద అరచేతంత ఉన్న ఆ మరకే రాత్రంతా కళ్లముందు కనిపించింది.

అందుకే వారం రోజులు కొత్త అత్తరు ఏదీ కలపలేదు. 12 సీసాలు తీసుకున్నాను. ఆరింటిని మెడ దాకా, అంటే 10 మి.లీ. నింపాను. ఆరింటిలో 9 మి.లీ. మాత్రమే పోశాను. ఒక్కోదాన్నీ 0.01 గ్రాము చూపే కాటాలో తూచి, టిష్యూ పేపరు పరిచిన స్టీలు డబ్బాలో పడుకోబెట్టి, మిద్దె మీద ఎండలో పదకొండు నుంచి మూడు దాకా ఉంచాను. డబ్బా లోపల థర్మామీటరు 55 డిగ్రీలు చూపింది. మన ఎండలకు బండి డిక్కీలో పెట్టినా అంతే ఉంటుంది.

మెడ దాకా నింపిన ఆరింటిలో నాలుగు కారాయి, ఒక్కోటి సుమారు 0.18 గ్రాములు. 9 మి.లీ. పోసినవాటిలో ఒక్కటే కారింది, అదీ 0.04 గ్రాములు.

కారణం ఇదని అనుకుంటున్నాను. ఇంట్లో 30 డిగ్రీల దగ్గర నింపిన 10 మి.లీ. నూనె 55 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 0.2 మి.లీ. ఉబ్బుతుంది. బాల్ బిగించాక నా సీసాలో నూనె పైన మిగిలే ఖాళీ అర మి.లీ. మాత్రమే. అంటే అందులో ఉన్న గాలి సుమారు 0.3 మి.లీ. జాగాలోకి నలిగిపోతుంది, పైగా ఆ గాలీ వేడెక్కుతుంది. ఆ ఒత్తిడి బాల్ పక్క నుంచి నూనెను బయటికి నెడుతుంది. సీసా నిలబెట్టి ఉంటే పైన ఉన్న గాలే పోతుంది, నూనె పోదు. ఇంట్లో అల్మారాలో నిలబెట్టినవి ఒక్కటీ కారకపోవడానికి అదే కారణమయ్యుంటుంది.

9 మి.లీ. పోసినా కారిన ఆ ఒక్కదాని సంగతి వేరు. బాల్ ఉండే తెల్ల ప్లాస్టిక్ ముక్కను వేలితో తిప్పితే గిర్రున తిరిగింది. మంచి సీసాలో అది టక్కుమని దిగి బిగుసుకుంటుంది, తిరగదు. వెర్నియర్‌తో కొలిస్తే ఆ సీసా మెడ లోపలి వెడల్పు మిగతావాటి కన్నా 0.2 మి.మీ. ఎక్కువుంది. సీసాలు ఒకచోట, బాల్‌లు ఇంకోచోట కొన్నది నేనే. ఇకపై రెండూ ఒకే సెట్టుగా కొంటాను. కొనేముందు పది సీసాలకు ఆ ప్లాస్టిక్ ముక్క దింపి తిప్పి చూస్తాను. బాల్ మాత్రం స్టీలుదే, ప్లాస్టిక్ బాల్ నాకు నాలుగు రోజులకే పట్టేసింది.

9 మి.లీ. పోస్తే లేబుల్ కూడా మారాలి. ఇక్కడ నాది ఇంకో తప్పు బయటపడింది. ఇన్నాళ్లూ గ్రాముల్లో తూచి మి.లీ. అని రాశాను. నేను వాడే ఎంసీటీ నూనె, అంటే గడ్డకట్టని కొబ్బరి నూనె రకం, మి.లీ. సుమారు 0.95 గ్రాములు తూగుతుంది. కాబట్టి 9 మి.లీ. అంటే 8.55 గ్రాములు. అత్తరు పాళ్లు కలిసేకొద్దీ ఇది కాస్త మారుతుంది గనుక ప్రతి విడతకూ సిరంజితో 5 మి.లీ. తీసి తూచి లెక్క కడుతున్నాను. కాగితం లేబుళ్ల మీద నూనె పడితే ఇంకు అలుక్కుపోయేది, ప్లాస్టిక్ స్టిక్కర్లకు మారాక ఆ గొడవ లేదు.

కలపడంలో ఇబ్బంది రాలేదు. మల్లె సువాసన అమ్మినవాళ్లు ఇచ్చిన, సుగంధాల భద్రతా పరిమితులు చెప్పే ఇఫ్రా సర్టిఫికెట్‌లో చర్మం మీద రాసే పెర్ఫ్యూమ్‌కు 12 శాతం దాకా అని ఉంది, నేను 10 దగ్గరే ఆపాను. బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె వేసే రకానికి మాత్రం మామూలుది కొనడం మానేశాను. పిండి తీసిన ఆ నూనె చర్మం మీద ఉండిపోయేవాటిలో 0.4 శాతం దాటితే ఎండ తగిలి చర్మం కాలినట్లు మచ్చలు పడే ప్రమాదం ఉంది. మన ఊరి ఎండలో ఆ రిస్కు వద్దు. ఆ మచ్చలకు కారణమయ్యే బెర్గాప్టెన్ తీసేసిన రకం ఖరీదెక్కువైనా అదే వాడుతున్నాను.

శాంపిళ్లకు ఇక పెద్ద సీసాలు ఇవ్వను. 1 మి.లీ. గాజు వయల్స్ 50 తెప్పించాను. ఒకరికి రెండు రకాలకు మించి ఇవ్వను. ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసుకుని, మరుసటిరోజు దురద, ఎరుపు లేకపోతేనే మెడకు రాసుకోమని చీటీ రాసి పెడుతున్నాను. డబ్బు తీసుకుని అమ్మాలంటే కాస్మెటిక్స్ తయారీ లైసెన్సు కావాలి. అది చేతికొచ్చేదాకా తెలిసినవాళ్లకు శాంపిళ్లే.

వచ్చే వారం ఇదే ఎండ పరీక్ష గంధం పాళ్లు ఎక్కువున్న రకంతో చేస్తాను. చిక్కటి నూనె బాల్ పక్కనుంచి తక్కువగా జారుతుందని నా అనుమానం. టైలర్ అన్నకు కొత్త సీసా 9 మి.లీ. పోసి, బాల్ ఉండే ప్లాస్టిక్ ముక్క తిప్పి చూసి, పొద్దున ఇచ్చొచ్చాను.