మూడూ నావే: నవలను ‘నువ్వు’లోకి మార్చిన నా అనుభవం

హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి కారు నడుపుకుంటున్న ఒక తమ్ముడు ఆరు నెలలుగా ఇంటి ఫోను ఎత్తడు. ఊళ్ళో ఉన్న అక్క అతని కోసం ఎదురుచూస్తుంది. నా నవలకు ఇంతే కథ. మొదటి చిత్తుప్రతి 180 పేజీలు వచ్చింది. అది ప్రథమ పురుషలో, భూతకాలంలో, అంటే ‘అతను వెళ్ళాడు, చూశాడు’ అనే పద్ధతిలో ఉండేది. బనశంకరిలో మా ఇంటికి దగ్గరగా ఉండే ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడి ఇంట్లో నెలకో ఆదివారం నలుగురైదుగురం కలుసుకుని, రాసినవి పైకి చదువుకుంటాం. మొదటి అధ్యాయం విన్నాక మాస్టారు, “అంతా బాగానే ఉందమ్మా, కానీ ఆ అబ్బాయి కారు అద్దాలెత్తేసుకుని కూర్చున్నాడు, మనకేమీ వినబడటం లేదు,” అన్నారు.

ఆయన వేలు పెట్టి చూపించిన చోటు ఇది: “అతను కారు ఆపి, సీసాలోని నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు. ఫోను చూశాడు. అక్క నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.” ఇందులో తప్పేమీ లేదు. అయితే జరిగిపోయిన సంగతిని ఎవరో తీరిగ్గా చెబుతున్నట్టుంటుంది కనుక, అతను ఆ రాత్రి ఫోను ఎత్తుతాడా లేదా అన్న ఆదుర్దా పాఠకుడికి కలగదు. ఇంగ్లీషులో మధ్యమ పురుషలో, వర్తమానంలో నడిచే నవలలు కొన్ని చదివి ఉన్నాను. ‘అతను’ను ‘నువ్వు’ చేసి, క్రియలను వర్తమానంలోకి తెస్తే దూరం తగ్గిపోతుందనుకుని, నెల రోజులు కూర్చుని నలభై పేజీలు మార్చాను.

వచ్చింది ఇది: “నువ్వు కారు ఆపుతున్నావు. నువ్వు ముఖం కడుక్కుంటున్నావు. నువ్వు ఫోను చూస్తున్నావు.” మా కింది ఇంట్లో ఉండే కదిరి అబ్బాయి నిజంగానే విమానాశ్రయం దారిలో కారు నడుపుతాడు. అతని పని గురించి ఏమైనా తప్పు రాశానేమోనని ఆ పేజీలు చదివి వినిపించాను. అతను కాసేపు మొహమాటపడి, “అక్కా, ఎవరో వెనక సీట్లో కూర్చుని నన్నే కనిపెట్టి చూస్తా ఉన్నట్టుంది,” అన్నాడు. నేను కోరుకున్న సాన్నిహిత్యం అతనికి నిఘాలా తోచింది. ‘-తున్నావు’ అనే రూపం కళ్ళెదుట జరుగుతున్న పనిని, చూస్తున్నవాడు చెప్పే రూపం. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పేవాడి గొంతు అది. ఒక్క వాక్యంలో బాగుంటుంది గాని, పేజీ నిండా పరుచుకుంటే పని చేస్తున్నవాడు పక్కకు పోయి, చూస్తున్నవాడే మిగులుతాడు.

అందుకని రెండోసారి ‘-తున్నావు’ తీసేసి ‘-తావు’ పెట్టాను: “కారు ఆపుతావు. ముఖం కడుక్కుంటావు. ఫోను చూస్తావు.” ఇది ఇంగ్లీషు వర్తమానానికి దగ్గరగా ఉంటుందనుకున్నాను. ఈసారి చదువుతుండగానే నాకే నవ్వొచ్చింది. ఒక వాక్యం సినిమా స్క్రిప్టులా ఉంది, మరొకటి చిలక జోస్యంలా ఉంది. ‘ఉత్తర దిక్కుకు పోతావు, చేతికి డబ్బు వస్తుంది, నిలవదు’ అని చెప్పేవాడు వాడే క్రియ కూడా ఇదే కదా. మాస్టారు మాత్రం నవ్వలేదు. ‘రేపు వస్తావు’ అన్నా, ‘రోజూ వస్తావు’ అన్నా తెలుగులో క్రియ ఒకటేననీ, రాబోయేదీ అలవాటుగా జరిగేదీ రెండూ అందులోనే ఇమిడి ఉంటాయనీ, ఏ ఒక్క కాలానికీ కట్టుబడని ఇలాంటి క్రియకే మన పాత వ్యాకరణం తద్ధర్మమని పేరు పెట్టిందనీ చెప్పి, “ఇంతకీ ఈ నువ్వు అంటున్నది ఎవరమ్మా?” అని అడిగారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నేను ‘నువ్వు’ ఎవరో ఆలోచించాను గాని, ‘నువ్వు’ అనే నోరు ఎవరిదో ఆలోచించలేదు. ఇంగ్లీషులో ఈ ప్రశ్న రాకుండా రచయిత చాలా దూరం పోగలడు, ఎందుకంటే ఆ భాషలో ఉన్నది ఒక్కటే ‘యూ’. మనకు నువ్వు, మీరు అని రెండున్నాయి కనుక, మొదటి వాక్యంలోనే మాట్లాడేవారికీ వినేవారికీ మధ్య వయసో, చనువో, అంతరమో తేలిపోతుంది. ఫ్రెంచి రచయిత మిషెల్ బ్యూతోర్ 1957లో పారిస్ నుంచి రోముకు రైల్లో వెళ్ళే ఒక మనిషి కథను పొడుగునా ‘మీరు’కు సమానమైన ‘వూ’తో రాశాడు. మెక్సికో రచయిత కార్లోస్ ఫుయెంతెస్ 1962లో ‘ఆవురా’ను ‘నువ్వు’కు సమానమైన ‘తూ’తో, చాలాచోట్ల భవిష్యత్తులో రాశాడు. నేను రెండింటినీ చదివింది ఇంగ్లీషు అనువాదాల్లో. అక్కడ రెండూ ‘యూ’ అయిపోవడంతో ఆ తేడా నా చెవిన పడనే లేదు.

జవాబు కోసం ఒక వారం ‘మీరు’ కూడా ప్రయత్నించాను. “కారు ఆపుతారు, ముఖం కడుక్కుంటారు” అని రాసుకుంటే బ్యాంకు నోటీసులా ఉంది. పైగా ఒకరో పదిమందో తెలియదు. దాన్నీ వదిలేశాను.

ఆ వారంలోనే విషయం తట్టింది. తమ్ముడు ఏం చేస్తున్నాడో అక్కకు కనబడదు. కనబడని మనిషి గురించి ఊహించుకునేటప్పుడు మన ఇళ్ళల్లో ఎవరైనా ఏమంటారు? ‘ఈపాటికి లేచి ఉంటాడు, టీ తాగుతాడు, ఇక బండి తీస్తాడు’ అంటారు. జోస్యంలా వినిపిస్తోందని నేను తీసేయబోయిన ‘-తావు’ నిజానికి అక్క ఊహకు సరిపోయే రూపం. అలవాటు, ఊహ, రేపటి మీద ఆశ మూడూ ఆ ఒక్క ప్రత్యయంలో ఉన్నాయి. కథ చెప్పేది అక్క అని నిర్ణయించుకున్నాక అదే చోటును ఇలా తిరగరాశాను:

“దేవనహళ్ళి రోడ్డు పక్కన కారు ఆపి, సీట్ల మధ్య దొర్లుతున్న సీసా తీసి, ముఖం కడుక్కుని, తుడుచుకోకుండానే ఫోను చూస్తావు. మూడు మిస్డ్ కాల్స్. మూడూ నావే.”

ఈ పేరాలో ‘నువ్వు’ అనే మాట ఒక్కసారి కూడా లేదు, ఎందుకంటే ‘చూస్తావు’ చివర ఉన్న ‘వు’లోనే ఆ మనిషి ఉన్నాడు. నా పాత ప్రతిలో మొదటి పేజీలోనే ‘నువ్వు’ ఇరవై మూడు సార్లు వచ్చింది. కొత్త ప్రతిలో నాలుగు మిగిలాయి, ఆ నాలుగూ గట్టిగా పిలిచినట్టు వినిపించాయి. రెండో లాభం క్త్వార్థకాల వల్ల కలిగింది. ఆపి, తీసి, కడుక్కుని అనే మాటలకు కాలం గానీ పురుష గానీ ఉండవు; అవి చివరి క్రియ నుంచి అరువు తెచ్చుకుంటాయి. కనుక నాలుగు పనులు జరిగినా ‘-తావు’ చెవికి ఒక్కసారే తగులుతుంది, స్క్రిప్టు వాసన పోతుంది. ఇక ‘మూడు మిస్డ్ కాల్స్’ అన్నదాంట్లో క్రియే లేదు కాబట్టి కాలం ప్రశ్నే రాదు. అలాంటి క్రియ లేని వాక్యాలను పేజీకి రెండు మూడు చోట్ల వదిలాను. అంతకు మించితే టెలిగ్రాం అవుతుంది.

పనులు కుదిరాయి గాని మనసు సంగతులు కుదరలేదు. “నీకు భయమేస్తుంది” అని చదవగానే మా గుంపులో ఒకావిడ, “నాకేం వేయలేదండీ,” అన్నారు. అందరం నవ్వినా, ఆవిడ మాటలో పెద్ద విషయమే ఉంది. ముఖం కడుక్కుంటావు అంటే పాఠకుడు ఎదురు చెప్పడు, చేతులు వాటంతటవే కదిలిపోతాయి. నీకు భయం అంటే మాత్రం తన లోపల వెతుక్కుని, లేదని తేల్చుకుని, పుస్తకం నుంచి బయటికి వచ్చేస్తాడు. దానికి తోడు మన భాషలో భయం, కోపం, ఆకలి అన్నీ మనకు ‘వేస్తాయి’, ‘వస్తాయి’. కర్త భయమే గాని మనిషి కాదు. క్రియ చివర ‘వు’ పోయి, ‘నీకు’ అని పైకి చెప్పక తప్పని పరిస్థితి వస్తుంది. అందుకే ‘నీకు’ దగ్గరల్లా గీత గీసుకుని, వీలైనచోట పనిగా మార్చాను: “ఫోను బోర్లా పెట్టి, మళ్ళీ తిప్పి చూస్తావు.” మార్చలేని పదకొండు చోట్ల అక్క అనుమానంగా వదిలాను: “భయపడ్డావేమో, నాకెలా తెలుస్తుంది.”

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది గతం. “మన నాన్న మగ్గం నేసేవాడు. అప్పుడు నీకు పదేళ్ళు” అని అక్క తమ్ముడికి ఎందుకు చెబుతుంది, వాడికి తెలియదా? పాఠకుడి కోసం చెబుతున్నదని వెంటనే పట్టుబడిపోతుంది, ‘నువ్వు’ అబద్ధమైపోతుంది. ప్రతి ఫ్లాష్‌బ్యాకునూ పైకి చదివి, వినే తమ్ముడు ‘నాకు తెలుసు కదా’ అనేలా ఉంటే కొట్టేశాను. ఆరు పేజీలు పోయాయి. నవలకు తప్పనిసరిగా కావలసినవాటిని తగువులోకి మార్చాను, ఎందుకంటే తెలిసిన సంగతిని తెలిసినవాళ్ళకే మనం చెప్పేది పోట్లాడేటప్పుడే: “నాన్న మగ్గం అమ్మింది శ్రావణంలోనంటావు. కాదు, దసరా అయ్యాక. మోసుకుపోయినవాళ్ళకు నువ్వే తలుపు తీశావు.” ఇక్కడ క్రియ భూతకాలంలోకి పోయింది. ‘తీశావు’, ‘వెళ్ళావు’, ‘అన్నావు’ అని వరసగా వస్తే నేరం మోపుతున్నట్టే ఉంటుంది. అక్క మనసులో ఉన్నదీ అదే కనుక ఉంచేశాను.

ఒక చిన్న విషయం మధ్యలో ఆశ్చర్యపరిచింది. మా గుంపులోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి రెండో అధ్యాయం మాత్రమే విని, కారు నడిపేది ఆడపిల్ల అనుకుంది. వెళ్ళాడు, వెళ్ళింది అన్నచోట తెలిసిపోయే లింగం ‘వెళ్తావు’లో కనబడదు. ఆమె తనను అందులో పెట్టుకుని విన్నదట. అది చెదిరిపోకూడదని అక్క నోట ‘రా’ అనే పిలుపును మూడో అధ్యాయం దాకా ఆపాను. నిజంగా ఏ అక్కా అంతసేపు ఆగదని కదిరి అబ్బాయి ఇప్పటికీ ఒప్పుకోడు. నాకూ పూర్తిగా నమ్మకం లేదు.

చివరి అధ్యాయం దగ్గర మళ్ళీ చిక్కు వచ్చింది. తమ్ముడు ఊరికి వస్తాడు, అక్క హిందూపురం బస్టాండులో నిలబడి ఉంటుంది. “బస్సు దిగుతావు, ఇటు చూస్తావు” అని అలవాటు కొద్దీ రాసి చదివితే, ఆమె ఇంకా ఇంట్లో కూర్చుని ఊహించుకుంటున్నట్టే ఉంది. వాడు నిజంగా వచ్చాడని ఎంత చెప్పినా వాక్యం నమ్మడం లేదు. రెండు రోజులు అటూ ఇటూ తిప్పి, మొదట్లో చెత్తబుట్టలో వేసిన ‘-తున్నావు’ను బయటికి తీశాను. మొత్తం నవలలో అది ఆ ఒక్క పేజీలోనే ఉంది: “బస్సు దిగుతున్నావు. సంచి భుజం మార్చుకుంటున్నావు. చిక్కిపోయావురా.”