చోక్ లైట్ గుయ్యి, రికార్డర్ సుయ్యి: ఒక ఇంటర్వ్యూ ఆడియో క్లీన్ చేసిన నా అనుభవం

చిక్కడపల్లిలో హార్మోనియంలు రిపేర్ చేసే ఒక మాస్టారి ఇంటర్వ్యూ అది, ఆయన కొట్లోనే రికార్డ్ చేశాం. ఫ్యాన్ అయితే ఆపించా గానీ పాత చోక్ ట్యూబ్‌లైట్ ఆపితే కొట్టంతా చీకటి, దానికి తోడు గోడ పక్కనే ఫ్రిజ్. అలా మాట వెనకాల గుయ్యిమని హమ్ ఒకటి పడింది, ఆయన మెల్లగా మాట్లాడతారని రికార్డర్‌లో గెయిన్ పెంచితే సుయ్యిమని హిస్ ఇంకోటి. కింద మ్యూజిక్ వేయాలి కాబట్టి ముందు ఈ రెండిటి సంగతి చూడాలి.

రెండూ ఒకే జాతి కాదు. హమ్ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరే కూర్చుని ఉంటుంది, హిస్ మాత్రం కింద నుంచి పైదాకా పరుచుకుని ఉంటుంది. అందుకే హమ్‌ని విడిగా ముందు తీసేస్తే తర్వాత హిస్ మీద ఎక్కువ బలం వాడక్కర్లేదు.

నేను వాడేది ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్. ఎవరూ మాట్లాడని ముక్క సెలెక్ట్ చేసి Plot Spectrum ఓపెన్ చేసి Size 16384 పెడితే 50, 100, 150, 200 హెర్ట్జ్ దగ్గర నిలువుగా గీతలు లేచి కనిపించాయి, అందులో 100ది బాగా ఎత్తు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, చోక్ దానికి రెట్టింపులో మోగుతుంది. వీడియోల్లో చాలామంది 60 పెట్టమంటారు, అది అమెరికా కరెంటు లెక్క. ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే కోసే ఆడాసిటీ Notch Filter బాక్సులో కూడా ముందే 60, Q 1 అని ఉంటాయి, అలాగే ఓకే కొడితే మన హమ్ సరిగ్గా పోదు, పైగా Q 1 అంటే కోత చాలా వెడల్పు కాబట్టి మగ గొంతులో కింది బరువు పోయి డొల్లగా వినిపిస్తుంది.

80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తగ్గించేలా High-Pass Filter వేస్తే 50 బాగా తగ్గింది. 100, 150, 200కి ఒక్కోసారి Notch Filter, Q 30 పెట్టా, అప్పుడు 100 దగ్గర మూడు హెర్ట్జ్ వెడల్పే కోస్తుంది, గొంతు మారలేదు. మాస్టారు హార్మోనియం వాయించి చూపించిన ముక్కకి మాత్రం నాచ్ వేయలేదు, మెట్ల స్వరాలు వీటికి మరీ దగ్గర, అక్కడ హమ్ ఎలాగూ పెట్టె శబ్దంలో మునిగిపోతుంది.

హిస్‌కి Noise Reduction. రికార్డింగ్ మొదట్లో అందర్నీ కాసేపు ఊరుకోమన్నాను, ఆ ముక్క ఇక్కడ పనికొచ్చింది. దానిమీద Get Noise Profile కొట్టాలి, అదీ నాచ్ వేసిన తర్వాతే, ముందే తీస్తే ప్రొఫైల్‌లో ఇప్పుడు పోయిన హమ్ కూడా ఉంటుంది కాబట్టి. తగ్గింపు 20 డీబీ పెట్టి చూశా, సైలెన్స్ అద్భుతంగా ఉంది గానీ ఆయన "శృతి" అన్నప్పుడల్లా ఆ శ సగం అరిగిపోయి వచ్చింది, మాట చివర్లు నీళ్లలోంచి మాట్లాడినట్టు బుడబుడమన్నాయి. శ, ష, స శబ్దాలూ హిస్సూ ఉండేది ఒకే పైభాగంలో, తేడా దానికి తెలీదు. చివరికి 8 డీబీ దగ్గర ఆగాను. ఎక్కడ ఆగాలో తెలియాలంటే Residue పెట్టి వినండి, అది తీసేస్తున్నదాన్నే వినిపిస్తుంది. అందులో ఉత్త సుయ్యి ఉంటే ఓకే, మాటలు అర్థమవుతున్నాయంటే గొంతునే కోస్తున్నట్టు.

మాటల ఎత్తుపల్లాల్ని సమం చేసే కంప్రెసర్ ఇవన్నీ అయ్యాకే, లేకపోతే మాట తగ్గినచోట నాయిస్ మాటతో సమానంగా పైకొచ్చేస్తుంది.

ఇక మ్యూజిక్. వేణువు బిట్, వెనక తంబూరా, ఐదు శృతి. నాచ్ వేయని పాత ట్రాక్ కింద దీన్ని పెట్టి వింటే తంబూరా వావ్... వావ్... అని ఊగుతోంది. మాస్టారికి హెడ్‌ఫోన్స్ ఇచ్చా, "తంబూరాది కాదు బాబూ, ఆ లైటు కాస్త ఎక్కువ శృతిలో ఉంది" అన్నారు. లెక్క చూస్తే నిజమే, ఐదు శృతిలో మంద్ర షడ్జమం 98 హెర్ట్జ్, చోక్ 100, తేడా రెండు, కాబట్టి సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. మ్యూజిక్ కింద హమ్ దాక్కుంటుందిలే అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి, హిస్ దాక్కుంటుంది గానీ హమ్ ఒక స్వరం, శృతి కలవకపోతే మ్యూజిక్‌తోనే గొడవ పడుతుంది.

మిగిలిన కాస్త హిస్‌ని వదిలేశా, మ్యూజిక్ ఉన్నంతసేపూ వినపడదు. కానీ మ్యూజిక్ ఫేడ్ అయ్యాక మాటకీ మాటకీ మధ్య ఎడిట్ చేసిన ఖాళీల్లో అది టక్కున ఆగి టక్కున మొదలవుతోంది, చెవికి అదే ఎక్కువ తగులుతుంది. ఊరుకున్నప్పటి ఆ ముక్కనే, క్లీన్ చేసినదాన్ని, ఇంకో ట్రాక్‌లో ఖాళీలన్నిటి కిందా పరిచి రెండు చివర్లా చిన్న ఫేడ్ ఇచ్చా. ఫోన్ స్పీకర్‌లో 100 హెర్ట్జ్ సరిగ్గా రాదు కాబట్టి ఫైనల్ చెక్ హెడ్‌ఫోన్స్‌లోనే చేశా.