వాలు మీద గోళం ఆఖరున ఎందుకొచ్చింది: గోళం, డిస్క్, రింగ్ దొర్లించి చూపడం – నా అనుభవం

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు భ్రమణ గమనం పాఠం నడుస్తోంది. ఒకే వాలు తలం పైనుంచి ఘన గోళం, డిస్క్, రింగ్ వదిలితే కిందికి ఏది ఎంత వేగంతో చేరుతుందన్న లెక్కని బోర్డు మీద చేసి ఊరుకోకుండా నిజంగా దొర్లించి చూపించాలనుకున్నాను. ఆ పని ఈ వారమే తెమిలింది. సామాను కోసం విజయవాడలో పెద్దగా తిరగాల్సిన పనేమీ పడలేదు. రెడీమేడ్‌గా తెప్పించిన ట్రాక్ దగ్గరే అసలు తిరకాసంతా వచ్చింది.

ముందు లెక్క. పైనున్న వస్తువుకి mgh స్థితిజ శక్తి ఉంటుంది. జారకుండా దొర్లుతూ కిందికొచ్చేసరికి అది రెండు వాటాలవుతుంది. ఒకటి ముందుకు సాగే కదలికది, ½mv². రెండోది తిరుగుడుది, ½Iω²; ఇందులో I జడత్వ భ్రామకం, ω కోణీయ వేగం. జారుడు లేదు కాబట్టి ఘర్షణ ఉన్నా అది శక్తిని తినదు. I ని βmR² అని రాసి, ω = v/R పెడితే ఇంతే మిగులుతుంది:

v² = 2gh/(1+β)

గోళానికి β 2/5, డిస్క్‌కి 1/2, రింగ్‌కి 1. ద్రవ్యరాశి, వ్యాసార్ధం రెండూ కొట్టుకుపోయాయి. β పెద్దదైతే తిరుగుడు వాటా పెరుగుతుంది, సాగుడు వాటా తగ్గుతుంది. గోళంలో మొత్తం శక్తిలో 2/7 వంతు తిరగడానికి పోతుంది, డిస్క్‌లో 1/3, రింగ్‌లో సగం. గైడ్లలో మూడు వేర్వేరు సూత్రాలు అచ్చేసి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నారు. ఈ వాటాల సంగతి ఒక్కసారి అర్థమైతే ఆ మూడూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

వాలు పొడవు 2 మీటర్లు, ఎత్తు 20 సెంటీమీటర్లు తీసుకున్నాను. అప్పుడు gh = 9.8 × 0.2 = 1.96. కింద గోళం వేగం √2.8, అంటే సెకనుకు 1.67 మీటర్లు. డిస్క్‌ది 1.62. రింగ్‌ది సరిగ్గా 1.4. గోళానికీ డిస్క్‌కీ మధ్య సమయంలో తేడా సెకనులో పన్నెండో వంతే, కంటికి ఆనదు. అందుకని సమయం జోలికి పోకుండా, గోళం చివర తాకిన క్షణంలో మిగతా రెండూ ఎక్కడున్నాయో చూడాలి. వంపులేని పలక మీద, వాలు కోణం θ అయితే, త్వరణం g sinθ/(1+β). కాబట్టి ఆ క్షణానికి డిస్క్ 14/15 వంతు దూరం వచ్చి ఉంటుంది, రింగ్ 7/10 వంతు. అంటే 2 మీటర్ల పలక మీద డిస్క్ 187 సెంటీమీటర్ల దగ్గర, రింగ్ 140 దగ్గర. వాలు పెంచినా తగ్గించినా ఈ వంతులు మారవు. పదమూడు సెంటీమీటర్ల ఎడం వెనక బెంచీ వాడికి కూడా కనిపిస్తుంది.

ఆటోనగర్‌లో బేరింగుల కొట్లో 25 మిల్లీమీటర్ల స్టీలు బాల్ విడిగా దొరికింది, బరువు 64 గ్రాములు. పక్కనే లేత్ మీద 100 మిల్లీమీటర్ల వ్యాసం, 40 మిల్లీమీటర్ల మందంతో ఇనప డిస్క్ తీయించాను. అది రెండున్నర కేజీల దాకా వచ్చింది. చెక్క డిస్క్ వద్దు. చెక్క ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా ఉంటే బరువు కేంద్రం పక్కకి జరిగి, డిస్క్ కుదుపుతూ దొర్లుతుంది. రింగ్‌కి 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు నుంచి 40 మిల్లీమీటర్ల ముక్క చాలు. బరువుల్లో ఇంత తేడా నేను కావాలనే పెట్టాను. బరువైంది ముందొస్తుందని పిల్లల్లో చాలామంది నమ్మకం. 64 గ్రాముల గోళం రెండున్నర కేజీల డిస్క్‌ని దాటితే ఆ నమ్మకం అక్కడికక్కడే పోతుంది.

పైపు ముక్క పుస్తకంలో చెప్పే పలచటి రింగ్ కాదు. గోడ మందం 3 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 104. దాని β, ½(1 + 104²/110²), అంటే 0.947. కాబట్టి రింగ్ 140 దగ్గర కాక 144 దగ్గర కనిపించాలి. ఇది ముందే లెక్కేసి పెట్టుకోకపోతే ఆ నాలుగు సెంటీమీటర్ల తేడాని ఘర్షణ ఖాతాలోకి తోసేస్తారు.

ఇక ట్రాక్. సైన్సు పరికరాలు అమ్మే ఒకాయన దగ్గర ‘రోలింగ్ సెట్’ అని రెడీమేడ్‌గా దొరికింది. చెక్క మీద పక్కపక్కనే మూడు అల్యూమినియం ఛానళ్ళు. ఒక్కోటీ 12 మిల్లీమీటర్ల లోతు, అంచుల మధ్య ఎడం 20 మిల్లీమీటర్లు. బాల్ పక్కకి పోకుండా ఉంటుందని అలా చేశారట. ఎత్తు 20 సెంటీమీటర్లకు కట్టి వదిలితే ముందు డిస్క్ వచ్చింది, తర్వాత రింగ్, గోళం అన్నిటికంటే ఆఖరు. డిస్క్ చివరికొచ్చినప్పుడు రింగ్ 154 సెంటీమీటర్ల దగ్గర ఉంటే గోళం ఇంకా 142 దగ్గరే ఉంది. ఎన్నిసార్లు వదిలినా అదే వరస. ఫోన్ చేస్తే ఆయన, "పుస్తకంలో ఉన్నట్టు బయట జరగదు సార్, ఘర్షణ ఉంటుంది కదా" అన్నాడు. ఈ మాట నాకు ఒళ్ళు మండించింది. ఘర్షణ తింటే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ తినొచ్చు. ప్రతిసారీ అదే 142 దగ్గర ఎందుకు నిలబడుతుంది?

ట్రాక్‌ని పక్కనుంచి కళ్ళ మట్టానికి పెట్టి చూస్తే జవాబు అక్కడే ఉంది. బాల్ ఛానల్ అడుగుని తాకడం లేదు. రెండు అంచుల మీద కూర్చుని, మధ్యలో 5 మిల్లీమీటర్లు లోపలికి దిగి ఉంది. డిస్క్, రింగ్ 40 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి అవి అంచుల మీద అడ్డంగా పడుకుని పూర్తి వ్యాసార్ధంతోనే దొర్లుతున్నాయి. బాల్ మాత్రం అంచులు తగిలే చోటు నుంచి కేంద్రానికి ఉన్న ఎత్తుతో దొర్లుతోంది. వ్యాసార్ధం 12.5, సగం ఎడం 10. కాబట్టి ఆ ఎత్తు √(156.25 − 100), అంటే 7.5 మిల్లీమీటర్లే.

ఇప్పుడు ω = v/R అనే షరతు పోయి ω = v/b అవుతుంది, b అంటే ఆ 7.5. గోళం I మారలేదు, అది (2/5)mR² గానే ఉంది. కానీ అదే వేగంతో ముందుకు సాగాలంటే అది మునుపటికంటే ఎక్కువ చుట్లు తిరగాలి. సూత్రంలో 2/5 ఉన్నచోట (2/5)(R²/b²) వస్తుంది. R²/b² = 25/9 కాబట్టి β స్థానంలో 10/9, అంటే 1.11. రింగ్ 0.947 కంటే ఇది ఎక్కువ. సగం కంటే ఎక్కువ శక్తి, నూటికి 53 వంతులు, తిరుగుడుకే పోయింది. కింద వేగం √(3.92/2.11), అంటే 1.36. డిస్క్ చేరిన క్షణానికి గోళం ఉండాల్సిన చోటు 2 × 1.5/2.11, సరిగ్గా 142 సెంటీమీటర్లు. శక్తి నిత్యత్వం ఎక్కడా తప్పలేదు. తప్పు ట్రాక్ తయారీలో ఉంది.

మాటలతో వదిలేయకుండా పిల్లల చేతే కొలిపించాను. బాల్ మీద మార్కర్ పెన్నుతో చుక్క పెట్టాలి. చదునైన బల్ల మీద చేత్తో మెల్లగా దొర్లిస్తే చుక్క మళ్ళీ పైకొచ్చేసరికి అది 78 మిల్లీమీటర్లు దాటి వెళ్తుంది. ఛానల్ మీద అయితే 47 దగ్గరే ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక అమ్మాయి స్కేలు పట్టుకుని ఇది చూసి, "సార్, ఇది ఎక్కువ తిరిగి తక్కువ నడుస్తోంది" అంది. దీనికంటే బాగా నేనూ చెప్పలేను. మీ దగ్గర ఏ ట్రాక్ ఉన్నా కొనేముందు ఈ పరీక్ష చేయండి. ఒక చుట్టుకి నడిచే దూరం 2πR కి తక్కువ వస్తే ఆ ట్రాక్ ఈ ప్రయోగానికి పనికిరాదు.

ఛానలే ఉంచి పెద్ద బాల్ వాడితే సరిపోదా అని పిల్లలు అడిగారు. 50 మిల్లీమీటర్ల బాల్ అయితే β స్థానంలో 0.476 వస్తుంది. డిస్క్ 0.5 కంటే వెంట్రుకవాసి తక్కువ. గెలుస్తుంది గానీ గెలిచినట్టు కనపడదు. అందుకని ఛానళ్ళు తీసి పక్కన పడేసి, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వాడాను. సన్నటి ప్లైవుడ్ తీసుకుంటే డిస్క్ బరువుకి మధ్యలో కుంగుతుంది. కుంగినా చివరి వేగం మారదు, అది ఎత్తు మీదే ఆధారపడుతుంది. కానీ 14/15, 7/10 వంతులు మాత్రం తప్పుతాయి, ఎందుకంటే ఆ లెక్క త్వరణం అంతటా ఒకేలా ఉన్న పలకది. బాల్ పక్కకి పోతోందంటే పలక అడ్డంగా మట్టంగా లేదన్నమాట. స్పిరిట్ లెవెల్ పెట్టి, పల్లంగా ఉన్న వైపు కాగితం మడత దూర్చితే సరిపోతుంది. గాడి అక్కర్లేదు.

వదిలేటప్పుడు వేళ్ళతో పట్టుకుని వదలొద్దు. వేలు తీసేటప్పుడు తెలియకుండానే కాస్త తిప్పేస్తాం. మూడింటి ముందు అడ్డంగా ఒక కర్ర పెట్టి, దాన్ని వాలు వెంట కిందికి చటుక్కున లాగేయాలి. కర్రకి తగిలేది వస్తువుల ముందు అంచు కాబట్టి, చివర గీత దగ్గర కూడా ముందు అంచే చూడాలి. అప్పుడే చిన్న బాల్, పెద్ద డిస్క్ ఒకే దూరం నడిచినట్టు. కింద ఒక దిండు పెట్టండి, రెండున్నర కేజీల ఇనుము కాలి మీద పడితే చిన్న దెబ్బ కాదు.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, గోళం గీతని తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపి, పలక మీద సుద్దతో గీసిన సెంటీమీటర్లు చదివించాను. ఫోన్‌ని పలకకి దగ్గరగా ఒక మూలన పెడితే ఏటవాలు చూపు వల్ల అంకెలు తప్పుతాయి. పలక చివరి భాగానికి నిట్టనిలువుగా, వీలైనంత ఎత్తులో పట్టుకోవాలి. డిస్క్ 187 దగ్గర, రింగ్ 144 దగ్గర ఉండాలి కదా, సెంటీమీటరు అటూఇటూగా అక్కడే వచ్చాయి.

వాలు పెంచి చూద్దామనుకునేవాళ్ళు రింగ్ మీద కన్నేయండి. జారకుండా దొర్లాలంటే రింగ్‌కి కావలసిన ఘర్షణ గుణకం ½tanθ, డిస్క్‌కి ⅓tanθ, గోళానికి 2/7 tanθ. 20 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర రింగ్‌కి 0.05 చాలు. 30 డిగ్రీల వాలు దగ్గర 0.29 కావాలి. సన్‌మైకా అంటించిన నున్నటి పలక మీద ప్లాస్టిక్ పైపు ముక్కకి అంత పట్టు దొరుకుతుందన్న నమ్మకం లేదు. జారడం మొదలైతే రింగ్ తిరగాల్సినంత తిరగదు, లెక్క కంటే ముందే కిందికొచ్చేస్తుంది. రింగ్ అంచు మీద కూడా ఒక చుక్క పెట్టి, వీడియోలో చుట్లు లెక్కపెట్టండి. చుట్టుకి 346 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ దూరం పోతోందంటే అది జారుతున్నట్టే. వాలు తగ్గించండి, లేదా పలక మీద గరుకు కాగితం అంటించండి.