వరద ప్లాన్‌లో ఏది ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి: కర్నూలు ఆసుపత్రిలో నా అనుభవం

కర్నూలు పాతనగరంలో, హంద్రీకి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో ఆఫీసు పనులు చూస్తుంటాను. వరదొస్తే ఏం చేయాలో చెప్పే ప్లాన్ మాకు ఎప్పట్నుంచో ఉంది. లావుపాటి ఫైలు, అందులో లేని విషయమంటూ లేదు. కానీ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక సిస్టర్ చేతికిచ్చి, "నీళ్లొస్తున్నాయని ఇప్పుడే ఫోనొచ్చింది అనుకోండి, మీరు చేయాల్సిన మొదటి పని ఇందులో ఎక్కడుందో చూపించండమ్మా" అంటే, ఆమె పేజీలు తిప్పుతూనే ఉంది. ముందంతా 2009 వరద చరిత్ర, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, కమిటీ సభ్యుల పేర్లు. రోగుల్ని మేడ మీదికి ఎట్లా చేర్చాలన్నది ఎక్కడో వెనక, ఆంబులెన్సుల జాబితా దాటాక వస్తుంది. "సార్, ఇది చూసుకుంటా కూచుంటే నీళ్లు మంచాల కిందికొస్తాయి" అందామె. ఆ ఫైలును సరిచేసే పని నాకు అప్పగించారు.

కొత్తగా ఏదీ రాయకుండా, ముందు ఉన్నదాన్ని విడదీశాను. ప్రతి పేజీ పైన పెన్సిల్‌తో రెండు విషయాలు రాసుకున్నాను. ఇది ఎవరికి కావాలి? ఎన్నాళ్లకోసారి మారుతుంది? అందరికీ కావాల్సింది, ఏడాది పొడవునా మారనిది అయితే ప్రధాన భాగంలోకి. ఒక్కరికే పనికొచ్చేదీ, మాటిమాటికీ మారేదీ, చేసిన నిర్ణయానికి ఆధారంగా మాత్రమే ఉండేదీ అనుబంధంలోకి. ఎటూ తేలని పేజీ దగ్గర ఇంకో ప్రశ్న వేసుకున్నాను: ఈ పేజీ చిరిగిపోతే రాత్రి డ్యూటీ వాళ్లు తప్పు పని చేసే ప్రమాదం ఉందా? ఉంటే అది వెనక ఉండకూడదు.

ఈ ప్రశ్న విలువ కరెంటు పేజీలు చూస్తున్నప్పుడు బాగా తెలిసింది. జనరేటర్, డీజిల్, చేంజోవర్ స్విచ్, కింది అంతస్తు ప్యానెల్ బోర్డు అన్నీ కలిపి ఒకచోట రాసి ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌కు తప్ప ఎవరికీ అర్థం కావు కాబట్టి మొత్తం అనుబంధంలోకే పోవాలనిపిస్తుంది. అయితే ఆ పేజీల నడుమ ఒక వాక్యం ఉంది: నీళ్లు లోపలికి రాకముందే కింది అంతస్తు మెయిన్ ఆపేయాలని. వరద రాత్రి ఎలక్ట్రీషియన్ అన్న తన ఇంటి దగ్గరే చిక్కుకుపోవచ్చు. అప్పుడు ఆ పని చేయాల్సింది అక్కడున్న వాళ్లే. అందుకే ఆ ఒక్క వాక్యాన్ని బయటికి తీసి, ప్రధాన భాగంలో ఇట్లా పెట్టాం: "నీళ్లు గేటు మెట్టును తాకితే కింది అంతస్తు మెయిన్ ఆపాలి. కింద ఏ రోగీ కరెంటు యంత్రం మీద లేరని డ్యూటీ డాక్టర్ చెప్పాకే ఆపాలి. నీళ్లలో నిలబడి స్విచ్ ముట్టుకోకూడదు." జనరేటర్ స్టార్ట్ చేసే వరస, డీజిల్ లెక్క, నీళ్లు తీశాక వైరింగ్ పరీక్షించి మళ్లీ కరెంటు ఇవ్వడం మాత్రం అనుబంధంలోనే ఉన్నాయి. వాటిని చదివే మనిషికి టైముంటుంది.

2009 చరిత్ర దగ్గర మా పెద్ద డాక్టర్‌గారు ఒప్పుకోలేదు. "అక్టోబర్ 2న ఊరు మునిగింది. అది ముందు లేకపోతే కొత్తగా చేరిన పిల్లలు ఈ ప్లాన్‌ను సీరియస్‌గా తీసుకోరు" అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగిన ఆ రోజును చూడనివాళ్లు ఇప్పుడు స్టాఫ్‌లో ఎక్కువ. కానీ చరిత్ర అంతా ముందుంటే పని వెనక్కి పోతుంది. చరిత్ర నుంచి పుట్టిన నిర్ణయం ముందుండాలి, చరిత్ర వెనక ఉండాలి అని తేల్చుకున్నాం. ఇప్పుడు ప్రధాన భాగంలో రెండే వాక్యాలున్నాయి: 2009లో నీళ్లు వచ్చిన ఎత్తు మెట్ల గోడ మీద గీత గీసి ఉందని, అందుకే వరద హెచ్చరిక రాగానే కింది అంతస్తు మొత్తం ఖాళీ చేస్తామని. డాక్టర్‌గారు కూడా సరేనన్నారు.

హెచ్చరిక అంటే ఏమిటో కూడా ముందే రాయాల్సి వచ్చింది. పాత ఫైలులో సుంకేసుల బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే చాలని ఉంది. అది తుంగభద్ర సంగతి. హంద్రీ సుంకేసుల మీదుగా రాదు, ఊరి దగ్గరే తుంగభద్రలో కలుస్తుంది. మా పక్కన పారేది హంద్రీ కాబట్టి గాజులదిన్నె ప్రాజెక్టు గేట్లు ఎత్తిన కబురు కూడా మాకు హెచ్చరికే. రెంటిలో ఏది వచ్చినా పని మొదలవ్వాలని రాశాం. ఏ కబురు ఎవరిని అడగాలి, ఏ నంబరుకు చేయాలి అన్నవి అనుబంధంలో ఉన్నాయి.

పేర్లు, నంబర్ల విషయంలో నేను గట్టిగా నిలబడ్డాను. ప్రధాన భాగంలో మనిషి పేరు ఒక్కటి కూడా లేదు. "డ్యూటీ డాక్టర్", "నర్సింగ్ ఇన్‌చార్జి", "స్టోర్ కీపర్" అని హోదాలే. మనుషులు మారుతుంటారు, సిమ్ములు మారుతుంటాయి. పేరు ప్రధాన భాగంలో ఉంటే ప్రతి మార్పుకూ ప్లాన్ మొత్తానికి మళ్లీ సంతకాలు కావాలి, ఆ తంటా పడలేక ఎవరూ మార్చరు. అనుబంధం-1గా ఉన్న ఫోన్ల షీటు అయితే ఇన్‌చార్జి ఒక్కరే మార్చి పెట్టొచ్చు. 108, 101, 112 మాత్రం మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఉన్నాయి, అవి మారవు కదా.

ఇట్లా విడదీశాక ప్రధాన భాగం ఎనిమిది పేజీలకు వచ్చింది. అనుబంధాలకు వరస నంబర్లు ఇచ్చాం, అదీ ప్రధాన భాగంలో వాటి ప్రస్తావన వచ్చే వరసలోనే. ప్రస్తావించేటప్పుడు "43వ పేజీ చూడండి" అని ఎక్కడా రాయలేదు, "అనుబంధం-3: ఆక్సిజన్ సిలిండర్లు" అనే రాశాం. పేజీ నంబరు మారుతుంది, అనుబంధం పేరు మారదు. ఒక్కో అనుబంధానికి పేజీలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అడుగున సవరించిన తేదీ ఉంటుంది. అప్పుడు ఒకదానికి రెండు పేజీలు పెరిగినా మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు. వర్డ్‌లో దీనికి ప్రతి అనుబంధం ముందు `Section Break (Next Page)` పెట్టి, ఫుటర్‌లో `Link to Previous` తీసేసి, పేజీ నంబరు ఒకటి నుంచి మొదలయ్యేట్టు సెట్ చేయాలి. శీర్షికలన్నిటికీ `Heading 1`, `Heading 2` స్టైల్స్ వాడితే విషయసూచిక దానంతటదే తయారవుతుంది.

తెలుగు పేజీకి ఇంగ్లీషు పేజీ కొలతలు సరిపోవు. కింద ఒత్తులు, పైన గుడి, ఏత్వం ఉంటాయి కాబట్టి వరసలు దగ్గరగా ఉంటే ఒకదాని ఒత్తు ఇంకోదాని తలకట్టును తాకుతుంది. అక్షరం 14 సైజు, వరసల మధ్య ఒకటిన్నర ఎడం పెట్టాం. బోల్డ్ శీర్షికలకే వాడాం. చిన్న సైజులో బోల్డ్ చేస్తే ఒత్తులు పూడుకుపోయి, జిరాక్సులో మచ్చలాగా పడతాయి. పాత మ్యాపులో ఎరుపు, ఆకుపచ్చ దారులు జిరాక్సు తీస్తే రెండూ ఒకే బూడిద రంగులో వచ్చాయి. ఇప్పుడు ఒకటి నిండు గీత, ఒకటి చుక్కల గీత. ఫైలుకు రంధ్రాలు పడతాయి కాబట్టి ఎడమ పక్క అంచు ఒకటిన్నర అంగుళం వదిలాం.

అంతా అయ్యాక ఆ సిస్టర్‌కే మళ్లీ ఇచ్చి అదే ప్రశ్న అడిగాను. అట్ట తిప్పగానే చూపించింది. ఆపైన ఆమే ఒక మాట అంది: "పైకి ఎత్తుకుపోవాల్సిన రోగుల లిస్టు వెనకుంది సార్, దానికోసం మళ్లీ వెతకాల." ఆ లిస్టు రోజూ మారుతుంది కాబట్టి ప్రధాన భాగంలో పెట్టలేం. అందుకని దాన్ని అనుబంధంలోంచి కూడా తీసేసి, వార్డు తలుపు లోపలి పక్క క్లిప్పు బోర్డుకు తగిలించాం, ప్లాన్‌లో "లిస్టు వార్డు తలుపు మీద ఉంది" అని రాశాం. ప్లాన్ కాపీలు కింది రిసెప్షన్‌లో ఒకటి, మేడ మీద నర్సింగ్ స్టేషన్‌లో ఒకటి ఉన్నాయి. నెల మొదట్లో ఫోన్ల షీటు రెండు చోట్లా మారుస్తున్నాం, పాత షీటును అక్కడే చించేస్తున్నాం.